బనియన్ చెప్పే సాక్ష్యం

పటం కట్టించడానికి తాతగారి ఫొటో కావాలంటే చాలా ఇళ్లలో దొరికేది ఒకటే రకం. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉండగా మనవడెవరో సెల్‌ఫోన్‌తో తీసినది. ముఖం కళకళలాడుతూ ఉంటుంది, నవ్వు సహజంగా ఉంటుంది, ఒంటి మీద మాత్రం బనియనే ఉంటుంది. దాన్ని స్టూడియోకి పట్టుకెళ్లి ‘తెల్ల చొక్కా వేసి ఇవ్వండి’ అంటారు. రెండు రోజుల్లో చొక్కా వేసి ఇస్తారు. తీరా చూస్తే ముఖం ఒకచోట, ఒళ్లు ఇంకోచోట ఉన్నట్టుంటుంది. మెడ దగ్గర కత్తిరింపు ఎంత నున్నగా ఉన్నా సరే, అతికించినట్టే కనిపిస్తుంది. తప్పెక్కడుందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు గానీ, ఏదో తేడాగా ఉందని మాత్రం వెంటనే పట్టేస్తారు.

ఆ తేడా ఎక్కువసార్లు కత్తిరింపులో ఉండదు, వెలుగులో ఉంటుంది. ముఖం మీద పడింది సాయంత్రపు ఎండ. స్టూడియో వాళ్ల దగ్గరున్న చొక్కా బొమ్మ మీద పడింది ఫ్లాష్ వెలుగు. రెండూ వచ్చిన దిక్కులు వేరు, వాటి రంగులు కూడా వేరు.

ముందు దిక్కు సంగతి. ఫొటోలో వెలుగు ఎటునుంచి వచ్చిందో ముఖమే చెబుతుంది. ముక్కు నీడ ఏ బుగ్గ మీద పడిందో చూస్తే, వెలుగు దానికి ఎదుటి వైపు నుంచి వచ్చిందని తెలిసిపోతుంది. ఆ నీడ కిందికి, పై పెదవి మీదికి దిగితే వెలుగు పైనుంచి వచ్చినట్టు. బుగ్గ మీదుగా అడ్డంగా సాగితే సూర్యుడు బాగా కిందికి దిగాడన్నమాట. నల్లగుడ్డులో కనిపించే మెరుపు చుక్క కూడా అదే దిక్కును చూపిస్తుంది. ఇక నీడ అంచును గమనించాలి. అంచు గీత గీసినట్టుంటే నేరుగా పడిన ఎండ, మెల్లగా కరిగిపోతుంటే మబ్బు వెలుగో, కిటికీ వెలుగో అయి ఉంటుంది.

మన తాతగారి ఫొటోలో ఎండ ఆయన కుడి చేతి వైపు నుంచి, కిందుగా వచ్చిందనుకుందాం. దగ్గరున్న చొక్కా బొమ్మకేమో వెలుగు ఎడమ వైపు నుంచి, పైనుంచి పడింది. చాలామంది చేసే మొదటి పని చొక్కాను అద్దంలో చూపినట్టు తిప్పేయడం. దిక్కు కుదురుతుంది. దాంతోపాటు ఎడమ గుండె మీద ఉండాల్సిన జేబు కుడి వైపుకి పోతుంది, గుండీల పట్టీ తిరగబడి ఆడవాళ్ల చొక్కాలా తయారవుతుంది. చీరనైతే అసలు తిప్పకూడదు, పైట కుడి భుజం మీదికి వచ్చేస్తుంది. జుట్టును తిప్పితే పాపిడి అటువైపు పోతుంది. జీవితమంతా ఆ పాపిడిని చూసిన భార్యకు అది మరుక్షణం కనబడుతుంది.

అందుకే అనుభవమున్న వాళ్లు తమ దగ్గర దాచుకునే చొక్కా బొమ్మల్లో సగమైనా నీడల్లేని మెత్తని వెలుగులో తీసినవే ఉంచుకుంటారు. చదునుగా ఉన్న చొక్కా మీద నీడను మనం వేసుకోవచ్చు. ఉన్న గట్టి నీడను తుడిచేయడం మాత్రం దాదాపు అసాధ్యం. తుడిచినచోట నేత, ముడతలు అన్నీ పోయి చొక్కా రబ్బరులా కనిపిస్తుంది.

రంగు సంగతి ఇంకాస్త లోతైనది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు. ఇనుమును కొలిమిలో పెడితే ముందు ఎర్రబడుతుంది, వేడి పెరిగేకొద్దీ పసుపు, తర్వాత తెలుపు తిరుగుతుంది. ఈ కొలత పుట్టింది అలా వేడెక్కే వస్తువు ఇచ్చే వెలుగు నుంచే. కాబట్టి అంకె తక్కువైతే వెలుగు ఎర్రగా, పచ్చగా ఉంటుంది, ఎక్కువైతే నీలంగా ఉంటుంది. పాతకాలపు ఫిలమెంటు బల్బు సుమారు 2700, ఫ్లాష్, మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 5500, ఎండ తగలని నీడపట్టు 7000 పైన. పొద్దు వాలే వేళ ఎండ 3500 దగ్గరికి దిగుతుంది.

ఇక్కడే చాలా మంది పొరపడతారు. సాయంత్రపు ఫొటో కదా అని చొక్కా మొత్తానికి కాస్త పసుపు పూత పూసి ఊరుకుంటారు. కానీ అరుగు మీద తాతగారికి వెలుగులు రెండున్నాయి. ఎండ తగిలిన వైపు పచ్చని వెలుగు, ఎండ తగలని వైపు ఆకాశం నుంచి వచ్చే నీలపు వెలుగు. పచ్చగా ఉన్నది ఎండ ఒక్కటే, నీడ కాదు. ఈ ఒక్క విషయం పట్టుబడితే పని సగం అయిపోయినట్టే.

మరి ఎంత పసుపు, ఎంత నీలం? ఊహించనక్కర్లేదు. మనం తీసేయబోతున్న బనియనే దానికి సాక్షి. తెల్లని గుడ్డ అదే చోట, అదే క్షణాన, అదే వెలుగులో ఎలా కనిపించిందో అది చూపిస్తోంది. దాన్ని చెరిపేయకముందే అడగాల్సినవన్నీ అడగాలి. ఫొటోషాప్‌లో అసలు ఫొటోకు ఒక నకలు లేయర్ తీసి పక్కన పెట్టుకుని, ఇన్ఫో ప్యానెల్ తెరిచి, ఐడ్రాపర్‌ను బనియన్ మీద రెండు చోట్ల ఆనించాలి. ఒక్క చుక్కను చూడకుండా 5×5 సగటు పెట్టుకుంటే సెల్‌ఫోన్ ఫొటోలోని గరుకు వల్ల లెక్క తప్పదు.

ఎండ తగిలిన భుజం దగ్గర ఎరుపు 238, ఆకుపచ్చ 212, నీలం 170 వచ్చాయనుకుందాం. నీడ వైపు మూడూ వరసగా 118, 118, 128. ఈ రెండు వరసల్నీ ఒకసారి పోల్చి చూడండి. ఎండలో అన్నిటికన్నా తక్కువున్న నీలం, నీడలో అన్నిటికన్నా ఎక్కువైంది. తెచ్చిపెట్టిన చదునైన చొక్కాలో ఎక్కడ చూసినా మూడూ సుమారు 240. పసుపు పూసి, నీడ వైపు ఊరికే సగానికి చీకటి చేశామనుకోండి, అక్కడ 119, 106, 85 వస్తుంది. బురదపట్టిన పసుపు అది. ఉండాల్సిన 128 నీలానికి అది ఎక్కడా దగ్గర కాదు. చొక్కా ఉతకనట్టు కనిపించేది అందుకే.

కాబట్టి చొక్కాకు మాత్రమే వర్తించేలా క్లిప్ చేసిన కర్వ్స్ లేయర్లు రెండు కావాలి. మొదటిది ఎండ కోసం. అందులో ఎరుపు గీతను దాదాపు అలాగే వదిలి, ఆకుపచ్చ గీత పై కొసను 225కి, నీలం గీత పై కొసను 181కి దించితే, 240గా ఉన్న తెలుపు బనియన్ ఎండ రంగుకి వచ్చేస్తుంది. రెండోది నీడ కోసం. అందులో పై కొసలు ఎరుపుకి, ఆకుపచ్చకి 125, నీలానికి 136. ఈ రెండింటి మాస్కుల్నీ నల్లగా నింపి పెట్టుకుని, తర్వాత ఎక్కడ ఏది కావాలో అక్కడ తెల్ల బ్రష్‌తో తెరవాలి. ఈ పద్ధతి నాకు ఇష్టం. దిక్కూ రంగూ రెండూ ఒకే చేత్తో కుదురుతాయి.

తెరిచేటప్పుడు పెద్ద భాగాలతో మొదలుపెట్టాలి. కుడి భుజం, కుడి ఛాతీ ఎండలోకి, ఎడమ ఛాతీ, ఎడమ చేయి నీడలోకి. ఆ తర్వాతే ముడతలు. నిలువు ముడత ప్రతిదానికీ ఎండ వైపున్న వాలు వెలగాలి, అటుపక్క వాలు చీకటి పడాలి. గుండీల పట్టీకి కూడా ఎడమ వైపున సన్నని నీడ గీత ఉండాలి. బనియన్ మీద ఎండకూ నీడకూ మధ్య అంచు ఎంత పదునుగా ఉందో చూసుకుని బ్రష్ మెత్తదనం అంతే పెట్టుకోవాలి.

కాలరు దగ్గర తొందర పనికిరాదు. బనియన్ ఫొటోలో గడ్డం నీడ ఎడమకు సాగి, మెడ మీదుగా భుజం మొదలు దాకా పడి ఉంటుంది. కాలరు మెడకన్నా ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి, వెలుగు దారిలో అది ముందే ఎదురవుతుంది. అందుకని నీడ కాలరు అంచు దగ్గర విరిగి, మెడ మీద ఉన్నదానితో నేరుగా కలవకుండా కొంచెం జరిగి కనిపించాలి. దీన్ని మల్టిప్లై మోడ్‌లో ఒక లేయర్ మీద గీస్తారు, నల్లరంగుతో కాకుండా ఆ ఫొటోలోని నీడ నుంచే తీసుకున్న బూడిద నీలంతో. కాలరు మెడను తాకే గీత వెంట సన్నని, ముదురు నీడ ఒకటి వేయాలి. అది లేకపోతే చొక్కా మెడకు తాకకుండా గాల్లో తేలుతుంది. ఇంకో చిన్న విషయం. తెల్ల చొక్కా వెలుగును పైకి విసురుతుంది. బనియన్‌కి మెడ కిందుగా ఉంటుంది, చొక్కా కాలరు గడ్డం దాకా వస్తుంది. కాబట్టి గడ్డం అడుగు భాగం కొంచెం, నిజంగా కొంచెమే, తేట పడాలి. ఎర్రచీర వేస్తే ఆ చోటే ఎరుపు తిరగాలి.

జుట్టు పని దీనికంటే కష్టం, ఎందుకంటే జుట్టు మెరుస్తుంది. నెరసిన జుట్టు నల్లగా చేయమని అడిగినప్పుడు నల్ల బ్రష్ పూస్తే టోపీ పెట్టినట్టవుతుంది. నల్ల జుట్టు ఫొటోలో ఎప్పుడూ పూర్తి నలుపు కాదు. వెంట్రుకలు సాగే తీరుకు అడ్డంగా ఒక మెరుపు పట్టీ ఉంటుంది, అది వెలుగు వైపుకి జరిగి ఉంటుంది. ఎండ వైపు అంచు వెంట్రుకలు గోధుమ రంగులో వెలుగుతాయి, నీడలో పైభాగం ఆకాశం వల్ల కాస్త నీలం తిరుగుతుంది. అందుకే కర్వ్స్‌తో మధ్య రంగుల్ని దించుతూ ఆ మెరుపును వదిలేయాలి. కొత్త జుట్టు అతికిస్తే, చెవి పక్కన మిగిలిన అసలు జుట్టే ఇక్కడ సాక్షి. రెండూ కలిసేచోట రంగు, మెరుపు ఒకటయ్యేదాకా వదలకూడదు.

సరిచూసుకోవడానికి రెండు లేయర్లు అన్నిటికన్నా పైన తాత్కాలికంగా పెట్టుకుంటే చాలు. బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెడితే రంగు మాయమై, చొక్కా ముఖం కన్నా ఎక్కువ వెలుగుతోందో లేదో తేలిపోతుంది. దాన్ని తీసేసి సాచురేషన్‌ను బాగా పెంచిన లేయర్ పెడితే దాక్కున్న రంగు తేడా కేకపెట్టినట్టు బయటపడుతుంది. ముఖం నీడ నీలంగా, చొక్కా నీడ పచ్చగా ఉంటే అక్కడ దాగదు. కంప్యూటర్‌లో రాత్రిపూట తెరను పసుపు చేసే నైట్ లైట్ ఆన్‌లో ఉంటే ముందు అది తీసేయాలి. కంటికి సరిపోయిన రంగు ప్రింటులో నీలంగా వచ్చేది చాలాసార్లు దానివల్లే. గరుకు కూడా కుదరాలి. సెల్‌ఫోన్ ముఖం పక్కన గీతగీసినట్టున్న చొక్కా నిలవదు కాబట్టి, దాన్ని ఒక పిసరు మసకబార్చి కొంచెం నాయిస్ కలుపుతారు.

కొన్ని ఫొటోలు లొంగవు. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు, టీవీ వెలుగు మూడూ కలిసి పడిన ముఖానికి చొక్కా జతచేయడం కన్నా ఇంకో ఫొటో వెతకమని చెప్పడమే నిజాయితీ. బనియనే లేని ఫొటోల్లో తెల్లని పంచె అంచో, వెనక సున్నం కొట్టిన గోడో సాక్షిగా పనికొస్తుంది. కంటి తెల్లగుడ్డును మాత్రం నమ్మకూడదు, అది ఎవరికీ నిఖార్సైన తెలుపు కాదు, పైగా రెప్పల నీడలో ఉంటుంది.

ఇంత చేశాక ఇంటివాళ్లు వచ్చి ‘చొక్కా పచ్చగా ఉందేంటండీ, మల్లెపూవులా ఉండాలి’ అనడం మామూలే. అప్పుడు చొక్కా లేయర్ ఒక్కదాన్ని ముట్టుకుంటే పడ్డ కష్టమంతా పోతుంది. చేయాల్సింది ముఖం, చొక్కా, గోడ అన్నిటికీ పైన ఒకే కర్వ్స్ లేయర్ పెట్టి, నీలం గీతను కొద్దిగా ఎత్తడం. అప్పుడు మొత్తం వెలుగే తెలుపు వైపుకి జరుగుతుంది, చొక్కా ముఖాన్ని వదిలిపెట్టదు. పూర్తిగా తెల్లబడేదాకా ఎత్తితే మాత్రం తాతగారి బుగ్గ మీది ఎండ పాలిపోతుంది, నీడలు మరీ నీలమైపోతాయి. సగం దూరంలో ఆపి, స్క్రీన్ మీద కాకుండా చిన్న ప్రింటు తీసి ఇంటివాళ్ల చేతికిచ్చి, పటం తగిలించబోయే గోడ దగ్గర, ఆ గదిలోని వెలుగులోనే చూసుకోమని చెప్పాలి.