స్పర్శరేఖ దగ్గరి కోణం, అవతలి ఖండంలో అదే కోణం

తెల్లకాగితం మీద కంపాస్‌తో ఓ పెద్ద వృత్తం గీయండి. దాని అడుగున A అని ఒక బిందువు పెట్టి, సరిగ్గా ఆ ఒక్క బిందువు దగ్గరే వృత్తాన్ని తాకుతూ పోయేలా అడ్డంగా ఒక రేఖ గీయండి. అది స్పర్శరేఖ. దాని ఎడమ కొసకు P అని, కుడి కొసకు Q అని పేరు పెట్టుకుందాం. ఇప్పుడు కోణమాని తీసుకుని, AQ నుంచి పైకి 62 డిగ్రీలు కొలిచి, A నుంచి ఒక గీత గీయండి. ఆ గీత వృత్తాన్ని మళ్లీ కలిసిన చోటు B. అంటే AB ఒక జ్యా. అది వృత్తాన్ని రెండు ముక్కలు చేసింది. Q వైపున్నది చిన్న ఖండం, P వైపున్నది పెద్ద ఖండం.

పెద్ద ఖండం అంచు మీద మీకు నచ్చిన చోట C అనే బిందువు పెట్టి, దాన్ని Aతోనూ Bతోనూ కలపండి. C దగ్గర కోణం కొలిస్తే 62 డిగ్రీలే వస్తుంది. C ని కాస్త జరిపి మళ్లీ కొలవండి, అప్పుడూ 62 డిగ్రీలే. స్పర్శరేఖకూ జ్యాకూ మధ్య ఉన్న కోణం, ఆ జ్యాకు అవతలి వైపు ఖండంలో ఏర్పడే కోణానికి సమానం. పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఏకాంతర వృత్తఖండ సిద్ధాంతం అంటారు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ మూడో భాగంలో ఇది 32వ ప్రతిపాదన.

కొలిచి చూస్తే నమ్మకం కుదురుతుంది కానీ, ఎందుకలా అవుతోందో తెలియదు. దానికి యూక్లిడ్ చూపిన దారి చాలా తిన్ననిది. పెద్ద ఖండం మీద C ఎక్కడున్నా కోణం మారదు కాబట్టి, మనకు అనువైన ఒక్క చోట నిరూపిస్తే సరిపోతుంది. ఆ అనువైన చోటు, A నుంచి కేంద్రం గుండా పోయే వ్యాసం అవతలి కొస. దాన్ని E అందాం.

వ్యాసం AE స్పర్శరేఖకు లంబంగా ఉంటుంది, కాబట్టి QAE కోణం 90 డిగ్రీలు. అందులో QAB వాటా 62 డిగ్రీలు, మిగిలిన BAE వాటా 28 డిగ్రీలు. ఇప్పుడు ABE త్రిభుజం వైపు చూడండి. AE వ్యాసం కాబట్టి B అర్ధవృత్తం మీద ఉంది, అక్కడి కోణం 90 డిగ్రీలు. A దగ్గర 28 డిగ్రీలని ఇప్పుడే తేలింది. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపి 180 డిగ్రీలు కాబట్టి E దగ్గర మిగిలేది 62 డిగ్రీలు. వివరంగా చూస్తే, స్పర్శరేఖ దగ్గరి కోణమూ, E దగ్గరి కోణమూ రెండూ అదే BAEని 90కి పూరిస్తున్నాయి. ఒకే కోణాన్ని 90కి పూరించేవి రెండూ సమానం కాక తప్పదు. 62 బదులు ఏ లఘుకోణం పెట్టినా ఈ వాదన మారదు.

ఈ సిద్ధాంతాన్ని మనసుకు పట్టించే మరో చూపు కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. C ని వృత్తం మీదుగా మెల్లగా A వైపు జరుపుతూ పోండి. దారి పొడవునా C దగ్గరి కోణం 62 డిగ్రీలే. C, A కి మరీ దగ్గరయ్యే కొద్దీ CB గీత AB మీదకు ఒదుగుతుంది. C నుంచి A గుండా పోయే గీత మాత్రం వృత్తాన్ని రెండు దగ్గరి బిందువుల్లో కోస్తూ, చివరికి స్పర్శరేఖ AQలో కలిసిపోతుంది. దారంతా మారని కోణం ఆ చివరి క్షణంలో మాత్రం ఎందుకు మారాలి? స్పర్శరేఖ దగ్గరి కోణం, వృత్తంలోని కోణం తన చిట్టచివరి స్థానంలో తీసుకున్న రూపమే. ఇది నిరూపణ కాదు, కానీ ఈ బొమ్మ ఒకసారి కళ్లకు కట్టాక సిద్ధాంతాన్ని బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

విద్యార్థులు తడబడేది ఏ ఖండం తీసుకోవాలన్న దగ్గరే. కోణం QAB అయితే, జ్యాకు Q లేని వైపే చూడాలి. పొరపాటున Q వైపే ఉన్న చిన్న ఖండంలో D అనే బిందువు తీసుకుంటే, అక్కడ కోణం 118 డిగ్రీలు వస్తుంది. A, D, B, C నాలుగూ వృత్తం మీదివే కాబట్టి C, D దగ్గరి ఎదురెదురు కోణాలు కలిపి 180 అవుతాయి. ఆ 118 వృథా పోదు. స్పర్శరేఖకు రెండో వైపున్న PAB కోణం కూడా 118 డిగ్రీలే, దానికి అవతలి ఖండం Dదే. అంటే సిద్ధాంతం అధికకోణానికి కూడా నిలబడింది. 62 రావలసిన చోట 118 వస్తే, అంటే రెండూ కలిసి 180 అయితే, ఖండం తారుమారైందని వెంటనే పోల్చుకోవచ్చు.

ఈ సిద్ధాంతం అసలు బలం దీన్ని తిరగేసి వాడినప్పుడు తెలుస్తుంది. యూక్లిడ్ వెంటనే 33వ ప్రతిపాదనలో చేసింది అదే. AB అనే గీత ఇచ్చి, దాన్ని 40 డిగ్రీల కోణంలో చూపించే బిందువులన్నీ ఉండే వృత్తాన్ని గీయమంటే ఎలా? తీరం దగ్గర ఓడ నడిపేవారికి ఇది నిజంగా అక్కరకొచ్చే ప్రశ్న. తీరం మీద A ఒక దీపస్తంభం, B మరో దీపస్తంభం, మధ్య దూరం 4 కిలోమీటర్లు అనుకుందాం. నీటిలో మునిగిన రాయి ఒకటి వాటి ముందు ఉంది. పటం మీద A, Bల గుండా పోతూ ఆ రాయిని పూర్తిగా లోపల పెట్టుకునే వృత్తం ఉండాలి, దాని అంచు మీది కోణం 40 డిగ్రీలు అనుకుందాం.

A దగ్గర, సముద్రం వైపు కాకుండా నేల వైపుకి, AB తో 40 డిగ్రీల గీత గీయాలి. మనకు కావలసిన వృత్తానికి అది స్పర్శరేఖ. దానికి A దగ్గర లంబం నిలిపితే, అది సముద్రం వైపు AB తో 50 డిగ్రీలు చేస్తూ పోతుంది. AB మధ్యబిందువు దగ్గర మరో లంబం గీస్తే, రెండూ కలిసిన చోటే కేంద్రం. లెక్క కడితే కేంద్రం తీరరేఖకు దాదాపు 2.4 కిలోమీటర్ల దూరంలో, వ్యాసార్థం 3.1 కిలోమీటర్లుగా వస్తుంది. ముక్కుసూటిగా సముద్రంలోకి ఈ వృత్తం సుమారు 5.5 కిలోమీటర్ల దాకా పోతుంది.

ఓడ మీద సెక్స్‌టెంట్‌ను అడ్డంగా పట్టి రెండు దీపస్తంభాల మధ్య కోణం కొలుస్తారు. 40 కన్నా తక్కువ ఉన్నంతసేపూ ఓడ వృత్తం బయట ఉన్నట్టు, రాయికి దూరంగా ఉన్నట్టు. కోణం పెరుగుతూ 40కి చేరితే వృత్తం అంచుకు వచ్చినట్టు, అప్పుడు చుక్కాని సముద్రం వైపు తిప్పాలి. 40 దాటితే లోపలికి వచ్చేసినట్టే. నావికులు దీన్ని ప్రమాదకోణం అంటారు.

అయితే ఒక్క కోణం చెప్పేది ఓడ ఆ వృత్తానికి లోపలుందా బయటుందా అన్నంతే. వృత్తం మీద సరిగ్గా ఎక్కడుందో తెలియాలంటే మూడో గుర్తు తీసుకుని, దానితో రెండో కోణం కొలిచి, రెండో వృత్తం గీయాలి. రెండు వృత్తాలూ, ఉమ్మడి గుర్తు కాకుండా, కలిసే రెండో చోటే ఓడ ఉన్న స్థానం. ఓడా, మూడు గుర్తులూ అన్నీ ఒకే వృత్తం మీద పడితే మాత్రం రెండు వృత్తాలూ ఒకటైపోతాయి, స్థానం తేలదు. అలాంటప్పుడు గుర్తును మార్చుకోవడం తప్ప వేరే దారి లేదు.