ప్రోటాన్ బయటపడే దారి

కండరాల్లో పుట్టిన కార్బన్ డయాక్సైడ్ చాలామటుకు వాయువు రూపంలో ఊపిరితిత్తులకు చేరదు. ఎర్ర రక్తకణంలోకి వెళ్లి, నీటితో కలిసి, బైకార్బొనేట్‌గా మారి ప్రయాణిస్తుంది. ఊపిరితిత్తుల దగ్గర ఇదే చర్య వెనక్కి నడిచి వాయువు బయటికొస్తుంది. ఇబ్బందల్లా సమయంతోనే. సాయం లేకుండా ఈ చర్య సగం జరగడానికే కొన్ని సెకన్లు కావాలి. మనిషి నిమ్మళంగా కూర్చున్నప్పుడు కూడా రక్తం ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఉండేది సుమారు ముప్పావు సెకను.

ఈ లెక్కను కుదిర్చే ఎంజైమ్‌ను 1933లో కేంబ్రిడ్జ్‌లో మెల్‌డ్రమ్, రౌటన్ రక్తంలోనే పట్టుకున్నారు. పేరు కార్బానిక్ అన్‌హైడ్రేజ్. 1940 నాటికి కైలిన్, మాన్ అందులో జింక్ ఉందని తేల్చారు. ఎర్ర రక్తకణాల్లో ఉండే దాని రెండో రకం సెకనుకు దాదాపు పది లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను మారుస్తుంది.

నీరు ఎందుకంత మందకొడి? కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్‌ను పట్టుకోవడానికి ఎలక్ట్రాన్లు దండిగా ఉన్న ఆక్సిజన్ కావాలి. మామూలు నీటి అణువుకు ఆ ఊపు చాలదు. ఒక ప్రోటాన్‌ను వదిలేసి హైడ్రాక్సైడ్‌గా మారితే చాలుతుంది. కానీ తటస్థమైన నీటిలో సుమారు 55 కోట్ల అణువులకు ఒక్కటే అలా ఉంటుంది.

జింక్ పని ఇక్కడే. ప్రోటీన్‌లోని మూడు హిస్టిడిన్‌లు దాన్ని పట్టుకుని ఉంటాయి. నాలుగో చోటులో ఒక నీటి అణువు. రెండు ధనావేశాలున్న జింక్ ఆ ఆక్సిజన్‌లోని ఎలక్ట్రాన్లను తనవైపు లాగడంతో ప్రోటాన్ పట్టు సడలుతుంది. ఉత్త నీటిలో కరిగిన జింక్ కూడా ఇంత చేయలేదు. దాని చుట్టూ ఉన్న నీరు సగం మేర ప్రోటాన్ వదలాలంటే పీహెచ్ 9 దాకా వెళ్లాలి. ఎంజైమ్‌లో 7 దగ్గరే వదిలేస్తుంది. ఆ హిస్టిడిన్‌లు ఆవేశం లేనివి కాబట్టి జింక్ ఆవేశం తగ్గకపోవడం దీనికి ఒక కారణం. కాబట్టి రక్తకణంలోని పీహెచ్ దగ్గర సగానికి పైగా ఎంజైమ్ అణువులు హైడ్రాక్సైడ్‌ను సిద్ధంగా పెట్టుకునే ఉంటాయి.

పక్కనే నీటిని ఇష్టపడని గోడలున్న చిన్న గుంట ఉంది. కార్బన్ డయాక్సైడ్ జింక్‌ను నేరుగా అంటుకోకుండా అందులో కుదురుకుంటుంది. హైడ్రాక్సైడ్ దాని కార్బన్ మీదికి వెళుతుంది, బైకార్బొనేట్ తయారవుతుంది. జింక్ దాన్ని గట్టిగా పట్టుకోదు. కొత్త నీటి అణువు వచ్చి నెట్టేస్తుంది.

ఇంతటితో కథ అయిపోయిందనిపిస్తుంది గానీ, అసలు చిక్కు ఇప్పుడే మొదలవుతుంది. కొత్త నీరు మళ్లీ హైడ్రాక్సైడ్ కావాలంటే ప్రోటాన్ పోవాలి. దాన్ని చుట్టూ ఉన్న నీటికే ఇచ్చేస్తే ఎంత వేగం సాధ్యం? 7 దగ్గర ప్రోటాన్‌ను వదిలే ఏ గుంపైనా నీటికి సెకనుకు కొన్ని వేల ప్రోటాన్లకు మించి ఇవ్వలేదు. ఎంజైమ్ మాత్రం పది లక్షలు దాటిస్తోంది. రెండు అంకెలూ పొసగవు.

ప్రోటాన్‌ను తీసుకునేది నీరు కాదు, ద్రావణంలోని బఫర్ అని తేలాక చిక్కు విడింది. రక్తకణంలో ఆ పని ప్రధానంగా హీమోగ్లోబిన్‌ది. బఫర్‌ను పలచన చేస్తే ఎంజైమ్ నెమ్మదిస్తుంది. నీటికి బదులు భారజలం వాడినా వేగం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రోటాన్ బరువెక్కితే పని మందగించిందంటే అడ్డంకి ప్రోటాన్ కదలికలోనే ఉందన్నమాట.

అయితే హీమోగ్లోబిన్ అంత పెద్ద అణువు జింక్ ఉన్న లోతైన గుంటలోకి దూరలేదు. మధ్యవర్తి కావాలి. గుంట అంచువైపు ఉన్న 64వ హిస్టిడిన్ ఆ మధ్యవర్తి. జింక్ దగ్గరి ప్రోటాన్ నేరుగా అక్కడికి దూకదు. మధ్యలో నీటి అణువులు వరసగా ఉంటాయి. వరసలో నిలబడి చేతి నుంచి చేతికి బిందెలు అందించే మనుషుల్లా, ప్రతి అణువూ ఒకటి అందుకుంటూ తన దగ్గరున్నది ముందుకు ఇస్తుంది. ఆ హిస్టిడిన్ బయటికి తిరిగి బఫర్‌కు అప్పగిస్తుంది.

దీన్ని తేల్చిన ప్రయోగం 1989 నాటిది. అమెరికాలో సిల్వర్‌మన్, స్వీడన్‌లో లిండ్‌స్కోగ్ బృందాలు 64వ హిస్టిడిన్ స్థానంలో అలనిన్ పెట్టాయి. జింక్ చెక్కుచెదరలేదు, బైకార్బొనేట్ ఏర్పడే మెట్టు కూడా దాదాపు యథాతథంగా ఉంది. మొత్తం వేగం మాత్రం పదింతలకు పైగా పడిపోయింది. తర్వాత ఇమిడజోల్ కలిపారు. హిస్టిడిన్ పక్కగొలుసులోని వలయం లాంటి చిన్న అణువు అది, గుంటలోకి దూరగలదు. వేగం చాలావరకు తిరిగొచ్చింది. నాకు ఈ ఎంజైమ్ చరిత్రలో ఇంతకన్నా ముచ్చటైన రుజువు కనబడదు.

జింక్ ఎదుటి చోటును ఆక్రమిస్తే ఏమవుతుందో మందుల షాపులో దొరికే అసిటజోలమైడ్ చూపిస్తుంది. గ్లాకోమాకీ, ఎత్తైన కొండల మీద వచ్చే జబ్బుకీ దాన్ని వాడతారు. అందులోని నైట్రోజన్ హైడ్రాక్సైడ్‌ను తోసేసి జింక్‌కు అతుక్కుంటుంది. జింక్ ఉన్నా దానికి నీరందదు. నాలుక మీది పులుపు గ్రాహక కణాల్లోనూ ఈ కుటుంబపు ఎంజైమ్ ఉంది కాబట్టి, ఈ మాత్ర వేసుకున్న పర్వతారోహకులకు సోడా, బీరు చప్పగా అనిపిస్తాయి.