రెండు జానల దూరంలో హరివిల్లు

సాయంత్రం వాన వెలిసీ వెలవకముందే పడమటి మబ్బు పక్కకు జరిగి ఎండ కాసిందంటే నేను ఇంట్లో ఉండలేను. మేడ మీదికి పోయి తూర్పుకు తిరిగి నిలబడతాను. ముందు చూసేది ఆకాశం కాదు, నా నీడ. నీడలో నా తల ఎక్కడ పడిందో అక్కడినుంచి కొలత మొదలు. చెయ్యి బారుగా చాచి బొటనవేలు, చిటికెన వేలు విప్పితే వచ్చే జానను నీడ తల దగ్గర పెట్టి, దాని మీద మరో జాన కొలిస్తే హరివిల్లు ఉండాల్సిన చోటు వస్తుంది. ఇంకో అర జాన పైకి పోతే రెండోది. వాన చినుకులు అక్కడ ఉండి, వాటి మీద ఎండ పడుతుంటే చాలు, కొలత తప్పదు.

రెండు జానలంటే దాదాపు 42 డిగ్రీలు. అందుకే మిట్టమధ్యాహ్నం హరివిల్లు కనపడదు. సూర్యుడు 42 డిగ్రీల కంటే పైకి ఎక్కితే ఆ విల్లు మొత్తం నేల కిందికి పోతుంది. జూన్‌లో హైదరాబాద్‌లో ఉదయం దాదాపు తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాటేవరకు ఎంత వాన పడినా, ఎంత ఎండ కాసినా ఆకాశంలో హరివిల్లు కోసం వెతకడం దండగ. గడియారం చూడక్కర్లేదు. మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే ఇంకా వేళ కాలేదన్నమాట.

ఈ 42 ఎక్కడిది? అది చినుకు గుండ్రదనంలోనూ, నీటి స్వభావంలోనూ ఉంది. దాన్ని లెక్కగట్టి చూపించినవాడు ఫ్రాన్స్ దేశపు దెకార్త్, 1637లో. ఆయన చినుకు బదులు పెద్ద గుండ్రటి గాజుబుడ్డి నిండా నీళ్లు పోసి ఎండలో పట్టుకున్నాడు. బుడ్డిని ఎత్తుతూ దించుతూ చూస్తే 42 డిగ్రీల ఎత్తు దగ్గర దాని కింది అంచులో ఎర్రటి వెలుగు మెరిసింది. ఇంకా పైకెత్తితే ఆ మెరుపు పోయి, కొంతసేపటికి పైఅంచులో మరో ఎరుపు, ముందుదానికంటే మసకగా, కనిపించింది. అంతకు మూడు వందల ఏళ్ల ముందే పర్షియాలో కమాలుద్దీన్ ఫారిసీ, జర్మనీలో థియోడోరిక్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇలా నీళ్లబుడ్డితో ప్రయోగాలు చేశారు. దెకార్త్ చేసిన కొత్త పని కిరణాలను ఒక్కొక్కటిగా లెక్కవేయడం.

మనమూ ఒక కిరణం వెంట వెళదాం. చినుకు మధ్యలోకి సూటిగా దూరిన కిరణం వెనక గోడను తాకి వచ్చినదారినే వెనక్కి పోతుంది, అంటే 180 డిగ్రీలు తిరుగుతుంది. మధ్యనుంచి అంచువైపు జరిగేకొద్దీ కిరణం తిరిగే కోణం తగ్గుతూ వస్తుంది. ఒక చోట 138 డిగ్రీలకు దిగి, అక్కడినుంచి మళ్లీ పెరుగుతుంది. ఊయల చివరికి వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగినట్టుంటుంది కదా, కోణం కూడా 138 దగ్గర అలాగే నెమ్మదిస్తుంది. దాంతో పక్కపక్కన దూరిన కిరణాలెన్నో దాదాపు ఒకే దిక్కుకు బయటపడి అక్కడ వెలుగు పోగుపడుతుంది. 180లోంచి 138 తీసేస్తే మిగిలేది 42. అదే మన రెండు జానలు.

ఆ 138 ఎలా వచ్చిందో విడదీసి చూడొచ్చు. చినుకులోకి దూరేటప్పుడు కిరణం 19 డిగ్రీలు వంగుతుంది. వెనక గోడకు తగిలి 100 డిగ్రీలు మళ్లుతుంది. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ 19. వెనక గోడ దగ్గర జరిగేది సంపూర్ణాంతర పరావర్తనమని చాలాచోట్ల రాస్తుంటారు. అది పొరపాటు. లోపలికి వచ్చిన కిరణం ఏ కోణంలో వంగిందో అదే కోణంలో వెనక గోడను తాకుతుంది కాబట్టి బయటపడే దారి దానికి ఎప్పుడూ ఉంటుంది. ఎక్కువ వెలుగు అక్కడే బయటికి పోతుంది, కొద్దిపాటిదే వెనక్కి మళ్లుతుంది. మనం చూసే హరివిల్లు ఆ కొద్దిపాటి వెలుగే.

ఇక రంగులు. దెకార్త్‌కు కోణం దొరికిందిగానీ రంగుల సంగతి తేలలేదు. తెల్లటి ఎండలో అన్ని రంగులూ కలిసే ఉన్నాయని, ఒక్కో రంగు నీటిలో ఒక్కోలా వంగుతుందని చూపి ఆ ముడి విప్పినవాడు న్యూటన్. ఎరుపు తక్కువ వంగుతుంది, ఊదా ఎక్కువ. ఎరుపు మొత్తం మీద 138 డిగ్రీలకు కాస్త తక్కువ తిరిగితే, ఊదా 139న్నర దాకా తిరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, ఊదా ఎప్పుడూ ఎక్కువ తిరుగుతుంది. రెండో హరివిల్లులోనూ ఈ నియమం మారదు. మరి రంగులెందుకు తిరగబడ్డాయి?

వాకిట్లో నిలబడి చూడండి. సూర్యుడు వీపు వెనక, మీ నీడ ముందు. వెలుగు పోయే దిక్కు అదే. ఇప్పుడు చినుకులోని కిరణం మీరే అనుకుని పక్కకు తిరగండి. 138 డిగ్రీలు తిరిగితే మీరు సూర్యుడికి పూర్తిగా ఎదురు కాలేదు, ఇంకా 42 తక్కువ. ఊదా కిరణం ఇంకొంచెం ఎక్కువ తిరుగుతుంది కాబట్టి దానికి తక్కువ పడేది 40న్నరే. ఎదురుతిరగడానికి ఎంత తక్కువ పడితే, నీడ తలనుంచి అంత దూరంలో ఆ రంగు కనిపిస్తుంది. అందుకే మొదటి విల్లులో ఊదా లోపల, ఎరుపు బయట.

రెండో విల్లు చేసే కిరణాలు చినుకు లోపల ఒకసారి కాదు, రెండుసార్లు గోడకు తగులుతాయి. 26న్నర, 89, మళ్లీ 89, మళ్లీ 26న్నర. మొత్తం 231. మీరు అలా తిరిగితే సూర్యుడికి ఎదురయ్యే చోటు దాటి ఇంకా 51 డిగ్రీలు ముందుకు పోయారన్నమాట. ఇక్కడా ఊదాయే ఎక్కువ తిరుగుతుంది, కానీ హద్దు దాటాక ఎక్కువ తిరగడమంటే ఇంకా దూరం పోవడమే. కాబట్టి ఎరుపు 50న్నర దగ్గర లోపలివైపు నిలిస్తే, ఊదా 53న్నర దగ్గర బయటి అంచుకు చేరుతుంది. ఊదా చేసే పని మారలేదు. హద్దుకు ఇవతల ఉన్న తిరుగుడు అవతలికి పోయింది, అంతే.

రెండోది మొదటిదాని ప్రతిబింబమని చాలామంది అనుకుంటారు. కాదు. అది ఇంకా పైన ఉన్న వేరే చినుకులు చేసిన పని. రెండుసార్లు గోడకు తగలడంలో రెండుసార్లూ వెలుగు బయటికి కారిపోతుంది కాబట్టే అది అంత పలచగా ఉంటుంది.

ఆకాశంలో ఇంకొకటి కూడా చూడాలి. ఒకసారి తగిలిన కిరణం ఏదీ 138 కంటే తక్కువ తిరగలేదు, అంటే 42 డిగ్రీలకు బయట దాని వెలుగు లేదు. రెండుసార్లు తగిలినది 231 కంటే తక్కువ తిరగలేదు కాబట్టి 51కి లోపల దాని వెలుగూ లేదు. అందుకే ఆ రెండు విల్లుల మధ్య అర జాన మేర ఆకాశం చుట్టుపక్కల కంటే నల్లగా కనిపిస్తుంది. దీన్ని దాదాపు 1800 ఏళ్ల కిందటి గ్రీకు పండితుడు అలెగ్జాండర్ పేరుతో పిలుస్తారు. రెండో విల్లు మరీ మసకగా ఉండి ఉందా లేదా అని అనుమానం వస్తే నేను రంగుల కోసం వెతకను, ఈ నలుపు కోసం చూస్తాను. దాని కింది గట్టున ఒక ఎరుపు ఉంటుంది. పైగట్టున, దానికి ఎదురుగా, రెండో ఎరుపు.