గోంగూర రెండుసార్లా, ఆరుసార్లా?

వెయ్యి వ్యాసాలున్న ఒక వంటల భాండారం ఉందనుకుందాం. వెతుకుదామని ‘గోంగూర’ అని టైప్ చేశాం. తొమ్మిది వ్యాసాలు దొరికాయి. వాటిలో ఒకటి నూరు మాటల చిన్న వ్యాసం, పచ్చడి చేసే విధానం. అందులో గోంగూర రెండుసార్లు వచ్చింది. ఇంకొకటి పెళ్లి భోజనాల మీద 1600 మాటల పెద్ద వ్యాసం. అందులో ఆరుసార్లు వచ్చింది. ఏది పైన కనిపించాలి?

మనిషిని అడిగితే పచ్చడి వ్యాసమే ముందు అంటాడు. ఆ మాట యంత్రం చేత కూడా అనిపించడానికి లూసీన్ వాడే సూత్రం పేరు బీఎం25. బీఎం అంటే ‘బెస్ట్ మ్యాచ్’. 1990లలో లండన్ సిటీ యూనివర్సిటీలో ఒకాపీ అనే అన్వేషణ వ్యవస్థ మీద పనిచేస్తూ స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం దీన్ని తయారుచేసింది. సోలార్, ఎలాస్టిక్‌సెర్చ్‌లకు లోపలి ఇంజిన్ అయిన లూసీన్, 2016లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి దీన్నే మామూలు పద్ధతిగా పెట్టుకుంది.

సూత్రంలో ఒక భాగం మాట ఎంత అరుదో చూస్తుంది. వెయ్యింటిలో తొమ్మిదింట్లోనే ఉన్న గోంగూరకు 4.66 విలువ వస్తుంది. అన్నింట్లోనూ కనిపించే ‘ఉప్పు’కు దాదాపు సున్నా. మనం వెతికింది ఒక్క మాటే కాబట్టి ఈ విలువ రెండు వ్యాసాలకూ ఒకటే. అసలు తగువు రెండో భాగంలో ఉంది:

```
freq / (freq + k1 * (1 - b + b * dl / avgdl))
```

`freq` అంటే మాట ఎన్నిసార్లు వచ్చిందో ఆ లెక్క. `dl` వ్యాసం పొడవు, `avgdl` సగటు పొడవు. `k1` 1.2, `b` 0.75 అని లూసీన్ ముందే పెట్టి ఇస్తుంది.

ముందు సగటు పొడవున్న వ్యాసాన్ని చూద్దాం. అప్పుడు బ్రాకెట్లో ఉన్నదంతా 1 అవుతుంది, మిగిలేది freq / (freq + 1.2). మాట ఒకసారి వస్తే 0.45, రెండుసార్లకు 0.63, పదిసార్లకు 0.89, వందసార్లకు 0.99. ఎంత వాయించినా 1 దాటదు. పక్కింటాయన ‘మా అబ్బాయి అమెరికా వెళ్లాడు’ అని ఒకసారి చెబితే వార్త, రెండోసారి చెబితే సంతోషం, పదోసారికి మనకు తెలిసేది కొత్తగా ఏమీ లేదు. లూసీన్ పాత పద్ధతి లెక్కకు వర్గమూలం తీసేది. వందసార్లు రాస్తే ఒకసారి రాసినదానికి పది రెట్లు దక్కేది. ఒకే మాటను పేజీ నిండా కుక్కేవాళ్లకు అది పండగే.

ఇక పొడవు. భాండారంలో సగటు వ్యాసం 400 మాటలు అనుకుందాం. పచ్చడి వ్యాసం అందులో పావు వంతు. దానికి బ్రాకెట్ విలువ 0.4375, 1.2తో గుణిస్తే 0.525. కాబట్టి 2 / 2.525, అంటే 0.79. పెళ్లి భోజనాల వ్యాసం సగటుకు నాలుగింతలు. బ్రాకెట్ 3.25, గుణిస్తే 3.9. 6 / 9.9, అంటే 0.61. వీటిని 4.66తో గుణిస్తే పచ్చడికి 3.69, పెళ్లి భోజనాలకు 2.82. పచ్చడి గెలిచింది.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ 0.525, 3.9 అనేవి గురుతులు. మాట అన్నిసార్లు వస్తే వ్యాసానికి సగం మార్కులు, అంటే 0.5 పడుతుంది. చిన్న వ్యాసం ఒక్కసారి చెప్పి ఆ గురుతు దాటేస్తుంది, పెద్దది నాలుగుసార్లు చెప్పాలి. పొడవుకు వేరే జరిమానా ఏమీ లేదు, గురుతు దూరం జరుగుతుంది, అంతే.

`b`ని సున్నా చేస్తే పొడవు లెక్కలోకే రాదు. అప్పుడు పచ్చడికి 0.63, పెళ్లి భోజనాలకు 0.83, ఫలితం తలకిందులు. దాన్ని 1 చేయడమూ అన్యాయమే. వ్యాసం సాగదీసినందువల్ల పొడవైందా, నిజంగానే ఎక్కువ విషయాలు చెప్పినందువల్ల పొడవైందా అన్నది మాటల లెక్కతో తేలదు. 0.75 ఈ రెంటి మధ్య రాజీ.

ఏ ఫలితం ఎందుకు పైకొచ్చిందో అనుమానమొస్తే లూసీన్‌లో `explain` అడగొచ్చు, ఈ అంకెలన్నీ విడివిడిగా చూపిస్తుంది. పొడవు పక్కన `approximate` అని కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. చోటు ఆదా కోసం ఒక్కో పొడవును ఒకే బైట్‌లో దాస్తుంది, అందుకే మన నూరు మాటలు అక్కడ 96 అయి కూర్చుంటాయి. 3.69ని శాతంలా చదవడం మాత్రం పొరపాటు. ఇంకో మాట వెతికితే వచ్చే మార్కుతో దాన్ని పోల్చకూడదు.

సూత్రానికి అందేది లెక్క మాత్రమే. ‘గోంగూరతో’, ‘గోంగూరను’ అని రాస్తే, విభక్తులు విడదీయకపోతే అవి వేరే మాటల కింద పోతాయి. ఆ పని ముందుగా అనలైజర్ చేయాలి. లూసీన్‌లో ఇప్పుడు తెలుగుకూ ఒకటి ఉంది. ‘పుంటికూర’ అని రాసిన తెలంగాణ వ్యాసానికి మాత్రం, పర్యాయపదాల పట్టీ ఇస్తే తప్ప, మార్కు సున్నాయే.