ఒక్క గీత మాసిపోతే

తాతల నాటి ధాన్యం కొట్టు చిట్టాలను కంప్యూటర్‌లో పట్టికగా ఎక్కించే పని ఒక గుమాస్తాకు అప్పగించారనుకుందాం. పేర్లు చదవగలడు, అంకెలు గుర్తుపట్టగలడు. ౨, ౩ మాసిపోతే ఒకేలా కనిపిస్తాయని తెలిసి అక్కడ జాగ్రత్తగానే ఉన్నాడు. మొదటి పేజీలోనే రూపాయల పక్కనున్న గీతలు అతణ్ణి ఆపేశాయి. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా ఉన్నాయి.

అవి పాత తెలుగు లెక్కల్లోని భిన్నాల గుర్తులు. ఒక నిలువు గీత (౹) అంటే పావు, రెండు (౺) అంటే అర, మూడు (౻) అంటే ముప్పావు. పావు కూడా లేకపోతే హాళి (౸) వేసేవారు. ఆ పావును మళ్లీ నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం వీసం, అంటే పదహారో వంతు. దానికి అడ్డగీత (౼). రూపాయికి పదహారు అణాలు కాబట్టి రూపాయి లెక్కలో నిలువు గీత నాలుగణాలు, అడ్డగీత ఒక అణా. రెండు నిలువు, మూడు అడ్డం ఉంటే పదకొండణాలు. యూనికోడ్ 2008లో ఈ గుర్తులకు చోటిచ్చింది గనుక ఇప్పుడు వీటిని ఉన్నవి ఉన్నట్టుగా టైపు చేసుకోవచ్చు.

చిక్కంతా ఆ గీతలు సన్నగా ఉండటంలోనే ఉంది. అక్షరంలో ఒక ఒంపు పోయినా పదాన్ని బట్టి పోల్చుకోవచ్చు. గీత పోతే మిగిలినది కూడా సరైన అంకెలాగే కనిపిస్తుంది. పైగా కాగితం వెనక్కి ఊరిన సిరా ఇటువైపు లేని గీతను పుట్టిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే కాగితాన్ని తిప్పి చూడాలి. వెనకవైపు అదే చోట ముదురు గీత ఉంటే అనుమానించాల్సిందే. గోధుమరంగుకు తిరిగిన ఇనుప సిరా అయితే, పేజీ ఫోటోలో నీలం రంగు భాగాన్ని మాత్రమే విడదీసి చూస్తే రాత ముదురుగా తేలుతుంది.

మన గుమాస్తా తంటాలు పడిన పేజీ ఇలా ఉంది. మొదటి పద్దు 12 రూపాయల 4 అణాలు, రెండోది 7 రూపాయల 9 అణాలు, నాలుగోది 5 రూపాయల 6 అణాలు. మూడోది 3 రూపాయలు. దాని పక్కన రెండు నిలువు గీతలు స్పష్టంగా ఉన్నాయి. అడ్డగీతలు రెండా, మూడా? పదణాలా, పదకొండణాలా?

"కింద మొత్తం వేసి ఉంటుంది కదా బాబూ, అది చూశావా?" అని అడిగాడు కొట్లోని పెద్ద గుమాస్తా.

మొత్తం 28 రూపాయలు, మూడు నిలువు, రెండు అడ్డం. అంటే 28 రూపాయల 14 అణాలు. మూడో పద్దు పదణాలైతే మొత్తం 28 రూపాయల 13 అణాలే అవుతుంది, పదకొండైతే సరిగ్గా సరిపోతుంది. తర్వాతి పేజీ పైన ముందుకు తెచ్చిన మొత్తం కూడా అదే. కాబట్టి మాసిన గీత ఉన్నట్టే లెక్క.

అయినా పట్టికలో తిన్నగా 11 అని రాసేయడం తప్పే. కంటికి కనిపించినది ఒక గడిలో "10 లేక 11" అని రాయాలి. లెక్క ద్వారా తేలినది వేరే గడిలో, ఎలా తేలిందో దాని పక్కన రాయాలి. ఎందుకంటే ఆనాడు చిట్టా రాసినవారే కూడికలో పొరబడి ఉండవచ్చు. ఒకే పేజీలో రెండు పద్దులు మాసిపోతే మొత్తం కూడా అంతగా ఆదుకోదు. రెండింటికీ కలిపి ఎన్ని అణాలో చెబుతుంది గాని ఏది ఎంతో చెప్పదు. అప్పుడు ఆవర్జాలో ఆ ఆసామి పేరున్న ఖాతా తీసి చూడాలి. చిట్టాలోని పద్దు అక్కడ మళ్లీ రాసి ఉంటుంది. అక్కడా దొరక్కపోతే సందేహాన్ని సందేహంగానే వదిలేయడం నిజాయితీ.

ఇంకో గుంట ఉంది. 5 రూపాయల 11 అణాలను 5.11 అని కొడితే కంప్యూటర్ దాన్ని దశాంశంగా కూడేస్తుంది. రూపాయికి నూరు పైసల లెక్క వచ్చింది 1957 ఏప్రిల్ 1న. అంతకుముందు అణాకు 12 పైలు. అందుకే రూపాయలు, అణాలు, పైలు మూడు వేర్వేరు గడుల్లో ఉంచి, విలువను సూత్రంతో రాబట్టాలి:

```
=A2+B2/16+C2/192
```

5 రూపాయల 11 అణాలకు ఇది 5.6875 ఇస్తుంది.

పేరు ఉండాల్సిన చోట "సదరు" అని ఉన్న వరుసలు కూడా ప్రమాదమే. పైవరుసలోని ఆసామే అని దాని అర్థం. పట్టికను పేర్ల వరుసలో సర్దగానే ఆ "పైవరుస" మారిపోతుంది, ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడుతుంది. కాబట్టి వేరే రెండు గడుల్లో పేజీ సంఖ్య, వరుస సంఖ్య తప్పనిసరిగా ఉండాలి. ఎప్పుడైనా అసలు వరుసకు తిరిగి రావచ్చు.

మీ ఇంట్లో ఇలాంటి చిట్టాలుంటే ముందుగా ఖాళీ పేజీలతో సహా అన్నిటినీ వరసగా ఫోటో తీయండి. మాసిన గీతల మీద పెన్నుతో దిద్దకండి.