ట్రే లేని ఫోన్‌లో సిగ్నల్ ఎందుకు రాదు?

డాలస్‌లో ఉన్న కూతురు తను వాడిన ఐఫోన్ 15ను గుంటూరులోని తండ్రికి పంపిందనుకుందాం. ఆయన పాత ఫోన్‌లోంచి సిమ్ తీసి, కొత్తదాన్ని అన్ని వైపులా తిప్పి చూస్తారు. సిమ్ పెట్టే చోటే లేదు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 2022లో వచ్చిన 14 నుంచి సిమ్ ట్రే తీసేశారు. వాటిలో ఈసిమ్ ఒక్కటే దారి. సరే, తన నెట్‌వర్క్ కంపెనీని అడిగి ఈమెయిల్‌కు క్యూఆర్ కోడ్ తెప్పించుకుని స్కాన్ చేస్తారు. తెర మీద SIM Not Supported అని వస్తుంది. మళ్లీ స్కాన్ చేస్తారు, ఫోన్ ఆపి వేస్తారు, కోడ్‌లోనే ఏదో తప్పుందని కంపెనీకి ఫోన్ చేసి తిడతారు.

కోడ్‌లో ఏ తప్పూ లేదు. ఆ ఫోన్‌కు తాళం ఉంది.

అమెరికాలో చాలామంది ఫోన్‌ను నెట్‌వర్క్ కంపెనీ దగ్గరే వాయిదాల్లో కొంటారు. సాధారణంగా ఆ వాయిదాలు తీరేదాకా ఫోన్‌లో ఇంకో కంపెనీ సిమ్ పనిచేయకుండా ఆ కంపెనీ కట్టడి పెడుతుంది. దీన్నే క్యారియర్ లాక్ అంటారు. ప్లాస్టిక్ సిమ్‌కైనా ఈసిమ్‌కైనా ఒకటే కట్టడి. గుంటూరు కంపెనీ ఎన్ని కోడ్‌లు పంపినా దాన్ని దాటలేదు.

లాక్ ఉందో లేదో తెలుసుకోవడానికి నిమిషం చాలు. సెట్టింగ్స్‌లో General, అందులో About తెరిచి కిందికి వెళ్తే Carrier Lock అనే వరుస ఉంటుంది. కొన్ని ఫోన్లలో దాని పేరు Network Provider Lock. అక్కడ No SIM restrictions అని ఉంటే ఫోన్ ఏ కంపెనీకైనా సిద్ధం. SIM locked అని ఉంటే క్యూఆర్ కోడ్ జోలికి వెళ్లకండి. ఈ వరుస చూడాల్సిన అసలు చోటు గుంటూరు కాదు, డాలస్. ఫోన్‌ను పెట్టెలో సర్దకముందే కూతురు చూసి ఉంటే సరిపోయేది.

ఇప్పుడైనా తాళం తీయించాల్సింది ఆమే. ఎందుకంటే లాక్ వేసిన కంపెనీ మాత్రమే దాన్ని తీయగలదు. ఏటీ అండ్ టీ నిబంధన చూస్తే, ఫోన్ అక్కడ కనీసం 60 రోజులు వాడి ఉండాలి, ధర పూర్తిగా కట్టి ఉండాలి, దొంగిలించినదిగా నమోదై ఉండకూడదు. మిగతా కంపెనీల గడువులు, షరతులు వేరువేరుగా ఉంటాయి. బాకీ కట్టేశాక ఫోన్ 15 అంకెల ఐఎంఈఐ నంబరుతో కంపెనీకి అభ్యర్థన పెట్టాలి. వాళ్లు ఒప్పుకుంటే, గుంటూరులో ఉన్న ఫోన్‌ను వైఫైకి కలిపి ఆపి వేస్తే చాలు, అదే వరుసలో No SIM restrictions కనిపిస్తుంది. అప్పటికీ మారకపోతే డేటా బ్యాకప్ చేసుకుని, ఫోన్‌ను పూర్తిగా చెరిపి మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు.

ఈలోగా ఏదో ఒక మొబైల్ షాపులో వెయ్యో రెండువేలో ఇస్తే అన్‌లాక్ చేసేస్తామంటారు. పాత లాక్డ్ ఫోన్లలో సిమ్ కింద సన్నని చిప్ పెట్టి ఫోన్‌ను మభ్యపెట్టే పని ఒకటి ఉండేది. ట్రేనే లేని ఫోన్‌లో ఆ చిప్ పెట్టేదెక్కడ? ఆ డబ్బు కూతురి వాయిదాలో వేస్తే నయం.

లాక్ సంగతి తేలింది. ఇక కొన్ని ఫోన్లలో ఈసిమ్ అసలే ఉండదు. మోడల్ పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి లోపలి భాగాలు మారతాయి. చైనాలో అమ్మిన ఐఫోన్లలో చాలావాటికి ఈసిమ్ బదులు ట్రేలో రెండు సిమ్‌లు పడతాయి. డయలర్‌లో *#06# నొక్కి చూడండి. ఐఎంఈఐతో పాటు EID అని 32 అంకెల సంఖ్య కనిపిస్తే ఫోన్‌లో ఈసిమ్ చిప్ ఉన్నట్టే.

ఇక క్యూఆర్ కోడ్. అది బొమ్మలా కనిపించినా లోపల ఉండేది ఒక్క వరుస అక్షరాలే. నమూనాకు ఇలా ఉంటుంది:

```
LPA:1$smdp.example.com$AB12-CD34-EF56
```

మధ్యలో ఉన్నది కంపెనీ సర్వర్ చిరునామా. చివరిది అక్కడ మీ పేరున దాచిన సిమ్ సమాచారాన్ని, అంటే ప్రొఫైల్‌ను, తెచ్చుకునే కోడ్. ఫోన్ ఆ సర్వర్‌కు వెళ్లి ప్రొఫైల్‌ను దించుకుంటుంది. సాధారణంగా ఒక్కసారి దిగితే ఆ కోడ్ పని అయిపోయింది. అందుకే రెండోసారి స్కాన్ చేస్తే కోడ్ చెల్లదనే సందేశం వస్తుంది. చాలామంది దీన్నే వైఫల్యం అనుకుని, మొదటిసారి దిగిన ప్రొఫైల్‌ను కూడా తొలగించేస్తారు. అప్పుడు నిజంగానే కొత్త కోడ్ కోసం కంపెనీని అడగాలి. కాబట్టి మళ్లీ స్కాన్ చేసేముందు సెట్టింగ్స్‌లోని సిమ్‌ల జాబితా చూడండి. అక్కడ కొత్త వరుస ఉండి ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయడమే మిగిలింది.

కోడ్ ఉన్న ఈమెయిల్ అదే ఫోన్‌లో తెరుచుకుంటే కెమెరాతో దాన్నే స్కాన్ చేయలేం. ఇంకో తెర మీద తెరవాలి. ఐఫోన్‌లో 17.4, ఆ తర్వాతి వెర్షన్లయితే ఈమెయిల్‌లోని బొమ్మను నొక్కి పట్టుకుంటే ఈసిమ్ చేర్చే అవకాశం వస్తుంది. అదీ కుదరకపోతే Enter Details Manually ఎంచుకుని, డాలర్ గుర్తుల మధ్య ఉన్న చిరునామాను SM-DP+ Address అన్నచోట, చివరి భాగాన్ని Activation Code అన్నచోట టైప్ చేయవచ్చు. వాట్సాప్‌లో ఆ కోడ్‌ను ఎవరికీ పంపవద్దు. కొన్ని కంపెనీలు కోడ్ ఇచ్చేముందు ఈఐడీ అడగవు. అలాంటి కోడ్‌ను ఎవరు ముందు స్కాన్ చేస్తే నంబరు వాళ్ల ఫోన్‌లోకి వెళ్లిపోతుంది.

ప్రొఫైల్ దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. కొందరు పాత ఫోన్ హాట్‌స్పాట్‌తో కానిచ్చేద్దామనుకుంటారు. నంబరు ఈసిమ్‌లోకి మారే క్షణంలో పాత సిమ్ ఆగిపోతుంది, దానితో హాట్‌స్పాటూ పోతుంది. ఇంటి వైఫై గానీ మరొకరి నంబరు మీది హాట్‌స్పాట్ గానీ వాడండి.

అంతా సరిగ్గా జరిగి సిగ్నల్ గీతలు వచ్చాక కూడా, ఈసిమ్ పనిచేయడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. కాల్స్ వస్తాయి, ఎస్సెమ్మెస్‌లు రావు. సిమ్ మార్పిడి మోసాలు పెరిగాక, సిమ్ మార్చిన నంబరుకు 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు ఇటు రాకుండా, అటు పోకుండా ఆపమని టెలికాం శాఖ 2022లో కంపెనీలను ఆదేశించింది. ప్లాస్టిక్ సిమ్ నుంచి ఈసిమ్‌కు మారడం కూడా సిమ్ మార్పే. దీని దెబ్బ బ్యాంకు ఓటీపీలతో ఆగదు. కొత్త ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్‌పే లాంటి యాప్‌లు నంబరు మీదేనని నిర్ధారించుకోవడానికి ఆ ఫోన్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ పంపిస్తాయి. అది వెళ్లదు కాబట్టి యూపీఐ మొదలవదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. గుంటూరు పెద్దాయన మర్నాడు ఆస్పత్రి బిల్లు కట్టాల్సి ఉంటే నంబరు మార్పును రెండు రోజులు వాయిదా వేసుకోవడమే మేలు. విసిగి వేరే కంపెనీకి పోర్ట్ అవుదామన్నా 2024 జులై 1 నుంచి ట్రాయ్ నిబంధన ఒకటి అడ్డు. సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా పోర్టింగ్ కోడ్ ఇవ్వరు.