నిలబడే తిరిగే ఇంజన్‌కు ఏ ఆయిల్?

మే నెల మధ్యాహ్నం శంషాబాద్ విమానాశ్రయం క్యాబ్ పార్కింగ్‌కు వెళ్లి చూస్తే, వరుసలో ఆగి ఉన్న కార్లలో చాలావాటికి ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది. ఏసీ లేకుండా లోపల కూర్చోవడం కుదరదు మరి. బుకింగ్ వచ్చేసరికి గంట పట్టొచ్చు, రెండు గంటలైనా పట్టొచ్చు. అంతసేపూ ఓడోమీటర్ మీద ఒక్క కిలోమీటరు పెరగదు. ఇంజన్ మాత్రం నిమిషానికి 800, 900 చుట్లు తిరుగుతూ, సంప్‌లో ఉన్న ఆ మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్‌నే పదేపదే వాడుకుంటూ ఉంటుంది.

క్యాబ్‌కు ఆయిల్ ఎంచుకోవడంలో అసలు చిక్కు ఇదే. సర్వీస్ పుస్తకంలో పదివేల కిలోమీటర్లని ఉంటే, ఆ అంకె మామూలు వాడకానికి రాసింది. ఆఫీసుకు వెళ్లి వచ్చి, సెలవులకు ఊరికి పోయొచ్చే కారును దృష్టిలో పెట్టుకున్న లెక్క అది. అదే పుస్తకంలో వెనక పేజీల్లో కఠిన వాడకం, అంటే సివియర్ యూసేజ్ పేరుతో ఇంకో పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, అదేపనిగా చిన్న ట్రిప్పులు, ఎక్కువసేపు ఐడ్లింగ్ వంటివి చాలా కంపెనీల పుస్తకాల్లో అందులోకే వస్తాయి. ట్యాక్సీ వాడకాన్ని పేరు పెట్టి చెప్పే పుస్తకాలూ ఉన్నాయి. ఆ పేజీ తెరిచి చూసే యజమానులు తక్కువ.

ఒక లెక్క వేసి చూద్దాం. చాలా కార్ల డిస్‌ప్లేలో సగటు వేగం కనిపిస్తుంది. తిరిగిన కిలోమీటర్లను దానితో భాగిస్తే ఇంజన్ ఎన్ని గంటలు పనిచేసిందో సుమారుగా తెలుస్తుంది. అమీర్‌పేట, హైటెక్ సిటీ, గచ్చిబౌలి మధ్య తిరిగే ఒక సీఎన్‌జీ సెడాన్ సగటు 18 కిలోమీటర్లు అనుకుందాం. పదివేల కిలోమీటర్లు పూర్తయ్యేసరికి దాని ఇంజన్ దాదాపు 555 గంటలు నడిచి ఉంటుంది. అదే కారు బెంగళూరు హైవే మీద గంటకు 60 సగటుతో పోతే ఆ దూరానికి 167 గంటలే. ఓడోమీటర్ దృష్టిలో రెండూ ఒకటే. ఆయిల్ మాత్రం మొదటి కారులో మూడు రెట్లకు పైగా సమయం పనిచేసింది.

జనరేటర్లు నడిపేవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు. వాటికి కిలోమీటర్లే ఉండవు కాబట్టి గంటల మీటర్ చూసి ఆయిల్ మారుస్తారు. చాలా చిన్న డీజిల్ జనరేటర్లకు 250 గంటలు మామూలు గడువు. పై సెడాన్‌కు దాన్నే వర్తింపజేస్తే 4,500 కిలోమీటర్లు వస్తుంది. అయితే ఐడిల్‌లో గడిచిన గంట, బరువు లాగిన గంట ఒకటి కావు. నిలబడ్డప్పుడు ఇంజన్ మీద భారం తక్కువ. కాబట్టి 250ని శాసనంలా పట్టుకోనక్కర్లేదు. పుస్తకంలోని కఠిన వాడకం గడువును మొదటి హద్దుగా పెట్టుకోవాలి. అది దొరకనప్పుడు నగరంలో రోజంతా తిరిగే క్యాబ్‌కు 5,000 దగ్గర ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చడం సబబైన నిర్ణయం.

ఇంతకీ నిలబడ్డప్పుడు ఆయిల్‌కు ఏమవుతుంది? మండిన వాయువుల్లో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి జారి సంప్‌లోకి చేరుతుంది. అందులో నీటి ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు, కాస్త ఇంధనం ఉంటాయి. వీటివల్ల పుట్టే ఆమ్లాలను విరిచే రసాయనాలు ఆయిల్‌లో ముందే కలిపి ఉంటాయి. అవి తరిగిపోయాక ఆయిల్ చిక్కబడి, జిడ్డు పేరుకోవడం మొదలవుతుంది. సీఎన్‌జీలో పెట్రోల్ కలిసి ఆయిల్ పలచబడే బెడద తక్కువ, మసి కూడా తక్కువే. దానికి బదులు వేడివల్ల, నైట్రోజన్ ఆక్సైడ్లవల్ల ఆయిల్ పాడవడం ఎక్కువ. మోసపోయేది ఇక్కడే. సీఎన్‌జీ క్యాబ్ డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆరువేల కిలోమీటర్లకు కూడా ఆయిల్ తేనె రంగులోనే కనిపించవచ్చు. రంగు బాగుంది కదా అని ఇంకో రెండువేలు లాగేస్తారు. రంగు చెప్పేది మసి సంగతి. ఆమ్లాల సంగతి కంటికి కనపడదు.

ఇక గ్యారేజీలో తరచూ వినిపించే మాట: "అన్నా, ఈసారి చిక్కటిది పోద్దాం. సప్పుడు తగ్గుతది, ఇంజన్ గట్టిగుంటది." అంటే 20డబ్ల్యూ-50 అన్నమాట. చప్పుడు కొంత తగ్గే మాట నిజమే. పాతకాలపు, అరిగిన ఇంజన్‌కు అది పనికొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ఇప్పటి చిన్న పెట్రోల్ ఇంజన్లలో కొన్నింటికి కంపెనీ చెప్పేది 0డబ్ల్యూ-16 లేదా 0డబ్ల్యూ-20. వేడెక్కాక 50 గ్రేడు ఆయిల్, 16 గ్రేడు కంటే రెట్టింపుకు పైగా చిక్కగా ఉంటుంది. వాల్వ్ టైమింగ్‌ను మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. సన్నటి దారుల్లో చిక్కటి ఆయిల్ నిదానంగా పారితే అది వేళకు స్పందించదు. పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైనున్న భాగాలకు ఆయిల్ అందడమూ ఆలస్యమవుతుంది. మైలేజీ ఎలాగూ తగ్గుతుంది.

అలాగని పలచటిదే ఎప్పుడూ మేలనీ కాదు. ఐడిల్‌లో ఆయిల్ పంపు నెమ్మదిగా తిరుగుతుంది, ఎండాకాలంలో ఆయిల్ మరిగి ఉంటుంది. ఒత్తిడి బాగా తక్కువగా ఉండే సమయం అదే. అందుకే పుస్తకంలో ప్రత్యామ్నాయంగా ఇంకో గ్రేడు ఇచ్చారేమో చూడాలి. 0డబ్ల్యూ-16తో పాటు 5డబ్ల్యూ-30 కూడా వాడొచ్చని ఉంటే, హైదరాబాద్ ఎండలో గంటలకొద్దీ నిలబడే క్యాబ్‌కు రెండోది తీసుకోవడంలో అర్థముంది. పుస్తకం దాటి ఇంకా చిక్కటిదానికి పోకూడదు.

గ్రేడు తర్వాత డబ్బా మీద చూడాల్సింది నాణ్యత ప్రమాణం. పెట్రోల్, సీఎన్‌జీ కార్లకు ఏపీఐ ఎస్‌పీ 2020లో వచ్చింది. టైమింగ్ చైన్ అరుగుదలకు అందులో ప్రత్యేక పరీక్ష చేర్చారు. నిలుస్తూ కదులుతూ పోయే బండికి ఇది పనికొచ్చే విషయం. ఫుల్ సింథటిక్ వేడిని బాగా తట్టుకుంటుంది కాబట్టి స్థోమత ఉంటే అదే మంచిది. కానీ ఖరీదైన సింథటిక్ పోసి పన్నెండువేలు లాగడం కంటే, సరైన గ్రేడులో మధ్యరకం ఆయిల్ పోసి ఐదువేలకు మార్చే డ్రైవర్ ఇంజనే ఎక్కువ శుభ్రంగా ఉంటుంది.

బీఎస్-6 డీజిల్ క్యాబ్ అయితే కథ వేరు. పొగ గొట్టంలోని మసి ఫిల్టర్ తనను తాను శుభ్రం చేసుకోవడానికి కాసేపు ఆగకుండా నడిచే ప్రయాణం కావాలి. ట్రాఫిక్‌లో ఆ పని మధ్యలో ఆగిపోతుంటే, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది. ఆయిల్ తాగని బండి అని మురిసిపోకుండా అప్పటికప్పుడు మార్చించాలి. ఈ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే లో-యాష్ రకమే, అదీ కంపెనీ చెప్పిన ప్రమాణంలోనే పోయాలి.

వారానికోసారి, ఇంజన్ ఆపి ఐదు నిమిషాలాగి, సమతలం మీద డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ మూత విప్పి లోపలి వైపు వేలితో తడమాలి. నల్లటి ముద్ద తగిలితే గడువు దాటుతున్నట్టు. బాగా వేడెక్కిన ఇంజన్ సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఎర్రటి ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటే బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు క్షణాలు చైన్ గలగలమంటుంటే కూడా మెకానిక్‌కు చూపించాలి. కొత్త ఆయిల్ పోసేటప్పుడు డ్రైవర్ దగ్గరే నిలబడి సీల్ తన కళ్లముందే తెరిపించాలి. ఖాళీ డబ్బాను అక్కడ వదిలేయకుండా కోసి పడేయాలి, ఎందుకంటే వాటిలో నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్మేవాళ్లు ఉన్నారు.